బస్తాలున్నాయి సరే... అద్దె ఏదీ?

మహబూబాబాద్‌లో ఓ మిర్చి వ్యాపారి లెక్కలు చూడ్డానికి ఆడిటర్ ఆఫీసు నుంచి ఓ కుర్రాడు వెళ్లాడనుకుందాం. మార్చి 31 నాటికి కోల్డ్ స్టోరేజీలో 400 బస్తాలున్నాయని పుస్తకంలో ఉంది. 'ఇగో తమ్మీ, రశీదు' అంటూ గుమాస్తా కాగితం చేతికిచ్చాడు. స్టాంపు ఉంది, సంతకం ఉంది. మాటా నమ్మేలాగే ఉంది.

కానీ సరుకు నిజంగా అక్కడుంటే దాని ఆనవాళ్లు మరికొన్ని చోట్ల కనిపించాలి. కోల్డ్ స్టోరేజీకి బస్తాల లెక్కన అద్దె కట్టాలి, దించిన హమాలీలకు కూలి ఇవ్వాలి. ఖర్చుల పద్దులో అద్దె 150 బస్తాలకే ఉంటే? మిగతా 250 సంగతేంటని అడగాల్సిందే. 'సీజన్ అయ్యాక ఒకేసారి కడతాం' అన్నది నిజమే కావచ్చు. అయినా కుర్రాడు స్వయంగా కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, అక్కడి రిజిస్టర్ చూసి, బస్తాలు లెక్కపెట్టాలి.

ఆడిటర్లు దీన్నే వృత్తిపరమైన సందేహం అంటారు. అంటే ఎదుటివారిని దొంగలనుకోవడం కాదు. నిజాయతీపరులు కదా అని సాక్ష్యం లేకుండా వదిలేయడమూ కాదు.

ఆ సాక్ష్యం ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది మరీ ముఖ్యం. అందుకు హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్సే ఉదాహరణ. 2008 సెప్టెంబరు చివరికి తమ దగ్గర 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలున్నాయని ఆ కంపెనీ చూపింది. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. బ్యాంకులో ఎంతుందో బ్యాంకునే అడగడం ఆడిటర్ల పని. కానీ ఆ లేఖలు పంపడం, జవాబులు తెప్పించడం కంపెనీకే వదిలేశారని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2011లో తప్పుపట్టింది. పంపేదీ, తెచ్చేదీ కంపెనీవాళ్లే అయితే మధ్యలో కాగితం మారినా తెలిసేదెలా? అందుకే లేఖను ఆడిటరే పంపాలి, జవాబు నేరుగా ఆడిటర్ చిరునామాకే రావాలి.

అలాగని ప్రతి అనుమానమూ మోసమై తేలదు. భూపాలపల్లిలో బొగ్గు టిప్పర్లు నడిపే కాంట్రాక్టరు డీజిల్ బిల్లుల్నే చూడండి. నెలంతా ఒకే బంకు, నంబర్లన్నీ వరసగా! ఆ నెలలో బంకుకు ఇంకెవరూ రాలేదా? 'మాకు ఖాతా ఉంది సార్, మాకోసం వేరే బిల్లు బుక్కు పెట్టారు' అంటాడు కాంట్రాక్టరు. ఉండొచ్చు. బంకు నుంచి ఆ ఖాతా నకలు నేరుగా తెప్పించి, లీటర్లను టిప్పర్లు తిరిగిన ట్రిప్పులతో, కట్టిన డబ్బును బ్యాంకు స్టేట్‌మెంటుతో పోల్చాలి. మూడూ కలిస్తే ఆ జవాబు నిజమేనని ఫైల్లో రాసి, తర్వాతి పద్దుకు వెళ్లొచ్చు. కలవకపోతే అక్కడే వాదనకు దిగకుండా సీనియర్‌కు చెప్పాలి.