పంపింగ్‌కు చిక్కని భాష

కంప్యూటర్ సైన్స్‌లో భాష అంటే కొన్ని అక్షరాల వరుసల సమూహం, అంతే. ఏ వరుస అందులోదో, ఏది కాదో ఒక చిన్న యంత్రం తేల్చగలిగితే అది రెగ్యులర్ భాష. ఈ యంత్రం అక్షరాలను ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది. రాసుకోవడానికి దానికి ఏమీ ఉండదు. ఉన్నవల్లా లెక్కకు అందే కొన్ని స్థితులు. ఇంతవరకు ఏం చదివిందో దానికి గుర్తుండదు, ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నదే మిగులుతుంది.

ఫలానా భాష రెగ్యులర్ కాదని చూపమంటే విద్యార్థులు ముందుగా పంపింగ్ లెమ్మా అందుకుంటారు. భాష రెగ్యులర్ అయితే, తగినంత పొడవున్న ప్రతి వరుసలోనూ మొదటి వైపు ఒక ముక్క దొరుకుతుంది. దాన్ని తీసేసినా, ఎన్నిసార్లు తిరగరాసినా వరుస భాష దాటిపోదు. దాటిపోతే భాష రెగ్యులర్ కాదు. దాటకపోతే మాత్రం లెమ్మా నోరు విప్పదు.

ఒక భాష చూద్దాం. ముందు కొన్ని a లు, తర్వాత b లు, ఆపైన c లు. ఏవైనా అసలు లేకపోవచ్చు. షరతు ఒక్కటే: a సరిగ్గా ఒక్కటే ఉంటే, b లూ c లూ సమానంగా ఉండాలి. abbcc ఇందులో ఉంది, abbc లేదు. ఇప్పుడు abbcc లో a ని తీసేయండి, bbcc వస్తుంది. రెండుసార్లు రాయండి, aabbcc వస్తుంది. రెండింటికీ షరతు వర్తించదు కాబట్టి రెండూ భాషలోనివే. a లు రెండుంటే రెంటినీ కలిపి పంప్ చేస్తే సరి. A ఒక్కటే మిగిలే ప్రమాదం ఉండదు. మిగతా వరుసల్లో మొదటి అక్షరం చాలు. లెమ్మా ఎక్కడా తప్పు పట్టలేదు.

అయినా ఈ భాష రెగ్యులర్ కాదు. ab, abb, abbb... ఇలా అంతులేని ప్రిఫిక్సులు తీసుకోండి. యంత్రానికి 100 స్థితులే ఉన్నాయనుకుంటే, వీటిలో 101 చదివించేసరికి ఏవో రెండు ఒకే స్థితికి చేరక తప్పదు. అవి 7 b లున్నదీ, 12 b లున్నదీ అనుకుందాం. రెండింటి వెనకా 7 c లు తగిలిస్తే మొదటిది భాషలోకి వస్తుంది, రెండోది రాదు. యంత్రానికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? రెండుసార్లూ ఒకే చోట నిలబడి అవే అక్షరాలు చదివింది కనుక ఒకే జవాబు చెబుతుంది. స్థితులు ఎన్ని పెంచినా ఇదే గతి.

1957-58లో జాన్ మైహిల్, అనిల్ నెరోడ్ పేర్లతో స్థిరపడిన సిద్ధాంతం ఇంకో అడుగు వేస్తుంది: రెగ్యులర్ కాని ప్రతి భాషకూ ఇలాంటి అంతులేని ప్రిఫిక్సుల గుంపు ఉండి తీరుతుంది. పంపింగ్‌కు ఆ హామీ లేదు. అందుకే నా ఓటు దీనికే.

ఒక్క జాగ్రత్త. తగిలించే తోక జతజతకూ మారవచ్చు గానీ, ప్రతి జతకూ ఒకటి చూపాలి. పక్కపక్కవాటిని మాత్రమే చూపితే వాదన నిలవదు. సరిసంఖ్య అక్షరాలున్న వరుసల భాషలో a, aa వేరు. Aa, aaa వేరు. కానీ a, aaa లను ఏ తోకా విడదీయలేదు. ఆ భాషకు రెండు స్థితుల యంత్రం చాలు.