ఇంకో మనిషి కావాలంటే ఏం చూపించాలి?

"పని ఎక్కువైపోయింది సార్, ఇంకో మనిషిని ఇవ్వండి" అని అడిగితే వచ్చే జవాబు చాలాచోట్ల ఒక్కటే: "చూద్దాం." ఆ మాట దగ్గరే ఆగిపోకుండా ఉండాలంటే అలసట గురించి కాదు, ఆగిపోతున్న పని గురించి చెప్పాలి. వంద పడకల ప్రైవేటు ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్క్‌ను ఊహించుకుని ఒక లెక్క వేసి చూద్దాం.

డెస్క్‌లో ముగ్గురున్నారు. నెలకు 240 క్యాష్‌లెస్ కేసులు వస్తాయి. రోగి చేరగానే అనుమతికి పంపడం, మధ్యలో బీమా కంపెనీ అడిగే ప్రశ్నలకు జవాబివ్వడం, డిశ్చార్జి రోజు తుది బిల్లు పంపడం, ఆ తర్వాత డబ్బు పూర్తిగా పడిందో లేదో వెంటబడి చూడటం వీళ్ల పని. ఒక్కో కేసుకు ఎంతసేపు పడుతోందని వాళ్లనే అడిగితే సరైన అంకె రాదు. గుర్తున్నవి కష్టమైన కేసులే కాబట్టి ఎక్కువ చెబుతారు. రెండు వారాలపాటు పోర్టల్‌లో నమోదైన సమయాలు, ఫైలు మీద రాసుకున్న సమయాలు కలిపి చూడాలి. అలా చూస్తే సగటున రెండు గంటలు తేలిందనుకుందాం. అంటే నెలకు 480 గంటల పని.

మరి చేతిలో ఉన్న సమయమెంత? ఎనిమిది గంటల డ్యూటీలో భోజనం, ఫోన్లు, వార్డుకీ డెస్కుకీ మధ్య తిరగడం పోగా ఫైలు మీద కూర్చునేది ఆరు గంటలే. సెలవులు పోను ఒక్కొక్కరికి నెలకు 24 రోజులు. ముగ్గురికీ కలిపి 432 గంటలు. లోటు 48 గంటలు.

ఇక్కడే యజమాని పట్టుకుంటారు: "48 గంటల కోసం 144 గంటలిచ్చే మనిషి ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. నలుగురైతే పని సామర్థ్యంలో 83 శాతానికి వస్తుంది. మిగిలిన 17 శాతం వృథా కాదు. కేసులు వరసగా, సమానంగా రావు. సోమవారం ఉదయం అన్నీ ఒకేసారి వస్తాయి. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన క్యూల గణితం చెప్పేదిదే. అందులోని అతి సరళమైన నమూనా ప్రకారం ఒక్కరే చూసే కౌంటరు 80 శాతం బిజీగా ఉంటే, వచ్చిన మనిషి సగటున నాలుగు పనులు పూర్తయ్యేంతసేపు ఆగాలి. 90 శాతమైతే తొమ్మిది. అయితే రద్దీ అంతా పొద్దున పదినుంచి రెండు వరకే ఉంటే ముందు షిఫ్టులు మార్చి చూడాలి. అది చూశామని కాగితంలో రాయకపోతే ఆ ప్రశ్న ఎలాగూ వస్తుంది.

ఖర్చు అంటే జీతం ఒక్కటే కాదు. మొత్తం జీతం 18,000, అందులో బేసిక్ 12,000 అనుకుంటే బేసిక్ మీద పీఎఫ్‌లో యాజమాన్యం వాటా, బీమా, నిర్వహణ రుసుములు కలిపి 13 శాతం. మొత్తం జీతం మీద ఈఎస్ఐ 3.25 శాతం. బోనస్, గ్రాట్యుటీ కూడా కలిపితే నెలకు దాదాపు 21,700. కంప్యూటరు, బల్లకు 45,000. మొదటి ఏడాది మొత్తం సుమారు 3.05 లక్షలు.

రాబడి దగ్గరే చాలా కాగితాలు తప్పుతాయి. "నెలకు 144 గంటలు మిగులుతాయి, గంటకు ఇంత చొప్పున ఇంత లాభం" అని రాస్తారు. ఎవరి జీతమూ తగ్గనప్పుడు ఆ డబ్బు ఎక్కడా కనిపించదు. నిజమైన రాబడి ఆగిపోయిన పనిలో ఉంటుంది. చేతులు చాలనప్పుడు డెస్క్ డిశ్చార్జినే చూస్తుంది, ఎందుకంటే రోగి బంధువులు ఎదురుగా నిలబడి అడుగుతుంటారు. కోత పడ్డ బిల్లుల వెంట పడమని మాత్రం ఎవరూ అడగరు.

కాబట్టి మూడు నెలల సెటిల్‌మెంట్ లెటర్లు తీసి, ప్రతి కోత పక్కన కారణం రాయాలి. పాలసీయే ఇవ్వని గ్లౌజులు, అటెండెంట్ భోజనం లాంటివి ఎంతమందిని పెట్టినా రావు. వాటిని పక్కన పెట్టేయాలి. ల్యాబ్ రిపోర్టు జతచేయలేదనో, ప్రశ్నకు గడువులో జవాబు రాలేదనో కోసినవే మనవి. అవి నెలకు 1.2 లక్షలనుకుందాం. అందులో మూడో వంతు తిరిగొచ్చినా నెలకు 40,000. పని నేర్చుకునే రెండు నెలలు తీసేస్తే ఏడాదికి 4 లక్షలు. మూడో వంతు కాక నాలుగో వంతే వస్తే 3 లక్షలు, అంటే ఖర్చుకు దాదాపు సరిపోతుంది. ఈ రెండో లెక్కను దాచకుండా రాసిన కాగితాన్నే అకౌంట్స్ వాళ్లు నమ్ముతారు.

డబ్బు త్వరగా చేతికొస్తుందన్న లాభమూ ఉంది కానీ అందులో జాగ్రత్త కావాలి. 20 లక్షలు వారం ముందే వస్తే రాబడి 20 లక్షలు కాదు, ఆ వారానికి మిగిలిన వడ్డీ మాత్రమే.

చివరి పేజీలో కోరిక ఒక్క వాక్యంలో ఉండాలి: ఫలానా హోదా, ఫలానా జీతం, ఆరు నెలల ప్రొబేషన్. మూడో నెల నుంచి పేపర్లు లేక పడే కోత ఎంత తగ్గిందో ప్రతి నెలా చూపిస్తామని, ఆరో నెలకు 30,000 దాటకపోతే ఆ ఉద్యోగాన్ని పర్మనెంట్ చేయమని అడగబోమని కింద రాసి సంతకం పెట్టాలి.