మండుతోందని చెప్పింది ఎన్నింటికి?

స్ట్రెయిటెనింగ్ చేయించుకుంటే నెత్తి కాలింది, జుట్టు తెగింది, డబ్బు వెనక్కివ్వండి అని రాస్తే సెలూన్ నుంచి వచ్చే జవాబు తెలిసిందే: "మీ జుట్టు ముందే పాడై ఉంది." ఆ మాటకు చోటివ్వకుండా రాయాలంటే, కుర్చీలో కూర్చున్నప్పుడు జరిగిందేమిటో కొంచెం తెలియాలి.

వెంట్రుకకు బలమిచ్చేది కెరటిన్. దాన్ని కట్టి ఉంచేవి గంధకపు బంధాలు. చాలా చోట్ల వాడే క్రీములో అమ్మోనియం థయోగ్లైకోలేట్ ఉంటుంది. క్షారగుణమున్న ఆ క్రీము వెంట్రుకను ఉబ్బించి బంధాలను విడగొడుతుంది. కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ చేశాక న్యూట్రలైజర్‌తో వాటిని మళ్లీ కలుపుతారు. క్రీమును నెత్తికి తగలకుండా, కుదుళ్లకు కాస్త ఎడంగా రాయాలి. తగిలి అలాగే ఉండిపోతే చర్మం కాలుతుంది. సమయం మించినా, బ్లీచ్ చేసిన జుట్టుకు ఘాటైన క్రీము రాసినా బంధాలు మరీ ఎక్కువగా తెగిపోతాయి. అలాంటి జుట్టు తడిస్తే రబ్బరులా సాగి పుటుక్కున తెగుతుంది. ముందుగా ఒక పాయ మీద వేసి చూసేది అందుకే.

అందుచేత ఉత్తరంలో కోపం కన్నా గడియారం ఎక్కువ పనిచేస్తుంది. ఒక యువతి ఇలా రాసిందనుకుందాం: "11 గంటలకు క్రీము రాశారు. పోయినేడాది బ్లీచ్ చేయించానని ముందే చెప్పాను. అయినా పాయ మీద పరీక్షించలేదు. 11.20కి నడినెత్తి మండుతోందన్నాను. మొదట్లో అలాగే ఉంటుందని 11.45 దాకా కడగలేదు. మర్నాడు పొక్కులు లేచాయి. చర్మవైద్యుడి చీటీ జతచేశాను." ఇక్కడ 'ముందే పాడైంది' అన్న సాకు తిరగబడుతుంది. పాడైందని తెలిసీ ఎందుకు రాశారన్నదే ప్రశ్న.

రాలిన వెంట్రుకకు కుదురు దగ్గర తెల్లటి బుడిపె ఉంటుంది, మధ్యలో తెగినదానికి ఉండదు. తెగినవాటిని కాగితపు కవరులో దాచి, తేదీ కనబడేలా ఫొటోలు తీసుకోవాలి. వాడిన క్రీము పేరు, బ్యాచ్ నంబరు రాతపూర్వకంగా అడగాలి. ఆ రోజు సీసీ కెమెరా దృశ్యాలు చెరపవద్దనీ రాయాలి. బిల్లు, వైద్యం ఖర్చు విడివిడిగా చూపాలి. ఢిల్లీలోని ఓ హోటల్ సెలూన్‌లో జుట్టు తప్పుగా కత్తిరించిన కేసులో జాతీయ కమిషన్ 2 కోట్ల పరిహారం ఇప్పించగా, 2023లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టింది. నష్టం ఎంతో ఆధారాలతో తేల్చాలని కేసును తిప్పిపంపింది.

జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయవచ్చు. 2019 చట్టం కింద రెండేళ్లలోపు, సెలూన్ ఎక్కడున్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు.

ఈలోగా సెలూన్ ఉచితంగా హెయిర్ స్పా చేస్తామంటుంది. పొక్కులు మానకుండా నెత్తికి మరేదీ రాయనివ్వకండి. 'ఇక మాకేమీ రావలసింది లేదు' అన్న కాగితం ముందుపెడితే సంతకం చేయకండి.