ఇరేనియస్ చెప్పిన కథ, చెప్పని కథ

క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్ ఐదు భాగాల ఖండన గ్రంథం రాశాడు. ఈ లోకాన్ని చేసినవాడు పరమ దైవం కాదనీ, అసలు దైవాన్ని తెలుసుకునే జ్ఞానమే విముక్తి అనీ నమ్మిన గ్నోస్టిక్కుల మీద ఆయన కోపం. వాళ్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చారన్నాడు. దైవశక్తులకు వాళ్లలో ఒకరు పెట్టిన పేర్లను ఎగతాళి చేస్తూ, సొరకాయ, దోసకాయ అంటూ తనూ ఒక వరస అల్లాడు. వాళ్ల పుస్తకాలు చాలావరకు కనుమరుగయ్యాక, శతాబ్దాల పాటు వాళ్ల గురించి లోకం విన్నది ప్రధానంగా ఇలాంటి ప్రత్యర్థుల మాటే.

1896లో కైరోలో కొన్న ఒక పాత కాప్టిక్ పుస్తకం బెర్లిన్ చేరింది. అందులోని ‘యోహాను రహస్య గ్రంథం’ చదివిన కార్ల్ ష్మిట్‌కు, ఇరేనియస్ మొదటి భాగం 29వ అధ్యాయంలో చెప్పిన కథే అక్కడ కనిపించింది. అచ్చుకు సిద్ధమైన ప్రతి 1912లో ముద్రణాలయంలో నీటి గొట్టం పగిలి పాడైంది. ఆ తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు. చివరికి అది 1955లో గానీ వెలువడలేదు. ఈలోగా 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర దొరికిన పుస్తకాల్లో అదే గ్రంథానికి మరో మూడు ప్రతులు బయటపడ్డాయి.

పక్కపక్కన పెట్టి చూస్తే ఇరేనియస్ కల్పించలేదని తెలుస్తుంది. ఊహకందని తండ్రి, బర్బేలో అనే తొలి శక్తి, ఆమె తర్వాతి వరుస, చివరకు తాను తప్ప వేరే దేవుడు లేడని గర్వంగా ప్రకటించే అజ్ఞాని అయిన పాలకుడు, అన్నీ దాదాపు అదే క్రమంలో ఉన్నాయి. అయితే ఆయన సారాంశం ఆ ప్రకటన దగ్గరే ఆగిపోతుంది. మూలం అక్కడితో ఆగదు. అసలు అది మొదలయ్యేదే దుఃఖంతో. నీ గురువు మిమ్మల్ని మోసగించాడని ఒక పరిసయ్యుడు ఎత్తిపొడిస్తే, యోహాను కలతపడి ఏకాంతానికి వెళ్తాడు. అక్కడ క్రీస్తు కనిపిస్తాడు. ఆదాము సృష్టి తర్వాత యోహాను అడుగుతాడు: ఆత్మలన్నీ రక్షణ పొందుతాయా? తెలుసుకోలేని ఆత్మలకు కూడా మేలుకొనే దారి ఉందని జవాబు వస్తుంది. కోపం, అసూయ, ఆశ వదిలి బతికేవాళ్ల ప్రస్తావన కూడా అక్కడే ఉంది.

ఆ ప్రశ్నలు తీసేస్తే మిగిలేది వింత పేర్ల పట్టికే. ఇరేనియస్ పాఠకుడి చేతికి అందింది అదే. కావాలని ఆపాడా, ఆయన దగ్గరున్న ప్రతిలో ఉన్నదే అంతా అన్నది పండితుల మధ్య తేలలేదు. నాకు మాత్రం ఉద్దేశం కంటే ఫలితమే పెద్దదిగా తోస్తుంది.

దొరికిన ప్రతులనూ కళ్లు మూసుకుని నమ్మలేం. అవి గ్రీకు నుంచి వచ్చిన అనువాదాలు, ఇరేనియస్ తర్వాత చాలా కాలానికి రాసుకున్నవి. నాలుగింటిలో రెండు పొట్టివి, రెండు పొడుగువి. అందుకే ఆ కథలో ఏ భాగం రెండో శతాబ్దం నాటికే ఉందో తేల్చడానికి పండితులు ఇప్పటికీ ఇరేనియస్ 29వ అధ్యాయాన్నే తెరుస్తారు.