తొమ్మిది నిమిషాల ప్రసంగం నాలుగు నిమిషాలైతే

పెళ్లి విందులో వధూవరుల ప్రాణస్నేహితులు లేచి నాలుగు మాటలు చెప్పి, చేతిలో గ్లాసు ఎత్తి అందరిచేతా శుభం పలికించడం పాశ్చాత్యుల ఆచారం. అమెరికాలోని తెలుగువారి రిసెప్షన్లలో ఇదిప్పుడు మామూలే. హైదరాబాద్ రిసెప్షన్లలోనూ స్నేహితుల చేతికి మైకు వస్తోంది. ఇలాంటి ప్రసంగానికి మూడు నుంచి అయిదు నిమిషాలు చాలు. కానీ ప్రేమతో రాసిన మొదటి ప్రతి సాధారణంగా అందుకు రెట్టింపు ఉంటుంది.

ముందు నిడివిని సరిగ్గా కొలవాలి. తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి పదాలు లెక్కపెడితే సంగతి తేలదు. మనసులో చదువుకున్నా తేలదు, కన్ను నోటికంటే వేగం. లేచి నిలబడి, హాల్లో చివరి వరుసకు వినిపించేంత గట్టిగా చదువుతూ ఫోన్‌లో టైం చూసుకోవాలి. నవ్వులకూ చప్పట్లకూ కొంత సమయం పోతుంది. నాలుగు నిమిషాలు మాట్లాడాలంటే కాగితం మీద మూడున్నర నిమిషాల సరుకే ఉండాలి.

ప్రతి వాక్యంలోనూ ఒకటి రెండు మాటలు గీకేసుకుంటూ పోవడం చాలామంది చేసే పని. దానివల్ల సంఘటనలన్నీ అలాగే మిగిలి, ఒక్కోటీ బక్కచిక్కిపోతుంది. వినేవాళ్లకు పరుగులో చెప్పినట్టుంటుంది. వాక్యాలు కాదు, సంఘటనలే పోవాలి. అయిదు కథలుంటే ఒకదాన్ని ఉంచుకుని, మిగతా నాలుగూ పూర్తిగా తీసేయాలి. అన్నిటికంటే ఎక్కువ నవ్వించే కథే ఉండాలని లేదు. పెళ్లికొడుకు ఎలాంటివాడో చూపిస్తూ, పెళ్లికూతురి దాకా సాగగలిగే కథ కావాలి. పాత ప్రేమల ప్రస్తావన, నలుగురు స్నేహితులకే అర్థమయ్యే ముద్దుపేర్లు ఎలాగూ పోవాల్సినవే.

ఉదాహరణకు, వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివిన స్నేహితుడు మొదట ఇలా రాసుకున్నాడనుకుందాం: “మేమిద్దరం ఒకే ఏడాది కాలేజీలో చేరాం. నాది మెకానికల్, వాడిది సివిల్. మొదటి ఏడాది వేరే గదులు, రెండో ఏడాది ఒకే గది. వాడి మనసు బంగారం. ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందుంటాడు. ఒకసారి నాకు బాగా జ్వరమొస్తే అర్ధరాత్రి కాజీపేట స్టేషన్ దాకా నడిచి వెళ్లి మిరపకాయ బజ్జీలూ మాత్రలూ తెచ్చిపెట్టాడు. ఇద్దరూ చూడముచ్చటైన జంట.”

ఇందులో బ్రాంచీలూ గదులూ కథకు అక్కర్లేదు. “మనసు బంగారం” అన్నది ఏ పెళ్లికొడుకు గురించయినా అనొచ్చు. అర్ధరాత్రి నడక ఆ మాటను మరింత బాగా చెబుతోంది కాబట్టి దాన్ని తీసేసినా ఆప్యాయత తగ్గదు. నవ్వు మాత్రం బజ్జీల్లో ఉంది, అవేమో వాక్యం మధ్యలో ఇరుక్కుపోయాయి. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో ముగుస్తుంది. నవ్వించే మాట తర్వాత “తెచ్చిపెట్టాడు” అని ఇంకా మిగిలి ఉంటే, జనం నవ్వడం మొదలుపెట్టే సమయానికి వక్త మాట్లాడుతూనే ఉంటాడు. ఆ మాటను చివరికి జరపాలి.

దిద్దాక ఇలా ఉండవచ్చు: “హాస్టల్లో ఓ రాత్రి నాకు నూట మూడు జ్వరం. వాడు కాజీపేట స్టేషన్ దాకా నడిచి వెళ్లాడు. మాత్రలు తెచ్చాడు. వాటితోపాటు, జ్వరం మనిషి కోసం వాడు తెచ్చింది, మిరపకాయ బజ్జీలు. మొన్న ఈ అమ్మాయికి జ్వరమొచ్చిందని నాకు ఫోన్ చేశాడు. ‘పథ్యం ఏం పెట్టాలిరా?’ అన్నాడు. అప్పుడే అనుకున్నాను, వీడికి పెళ్లీడు వచ్చింది అని.”

ఈ భాగం పొడవు పెద్దగా తగ్గలేదు, తగ్గాల్సిన పనీ లేదు. నిడివి తగ్గేది తీసేసిన నాలుగు కథల వల్ల. మిగిలినదానికి కావలసినంత చోటు ఇవ్వాలి. “చూడముచ్చటైన జంట” బదులు ఫోన్ సంగతి రావడంతో పెళ్లికూతురు కూడా కథలోకి వచ్చింది. పొడవు తగ్గించే హడావుడిలో తరచుగా ఎగిరిపోయేది ఆమె గురించిన వాక్యమే. అది పోతే ప్రసంగం కాలేజీ మిత్రుల కబుర్లుగా మిగిలి, ఆమె తరఫు బంధువులు పరాయివాళ్లయిపోతారు.

అమెరికాలో ఇంకో చిక్కుంది. తెలుగులో చెప్పిందే మళ్లీ ఇంగ్లీషులో చెబితే సమయం రెట్టింపవుతుంది, రెండోసారి నవ్వూ రాదు. కథను హాల్లో ఎక్కువమందికి తెలిసిన భాషలో చెప్పి, చివరి శుభాకాంక్షను రెండో భాషలో చెప్పడం మేలు.

దిద్దిన ప్రతిని పెళ్లికొడుకు ఎవరో తెలియని ఒకరికి చదివి వినిపించాలి. “ఆయనెవరు?” అని వాళ్లు అడిగినచోట ఒక మాట చేర్చాలి. చూపు ఫోన్ మీదికి పోయినచోట ఇంకా కోయాలి. గ్లాసు ఎత్తమనే చివరి వాక్యం మాత్రం కాగితం చూడకుండా చెప్పగలిగేంత చిన్నదై, దంపతులిద్దరి పేర్లతో ముగియాలి.