ఆ ముద్ర కుమ్మరిదేనా?

క్రీస్తుపూర్వం 2000కు కాస్త అటూ ఇటూ, సింధు నది పక్కన మొహెంజొదారోలో ఒక కుమ్మరి ఉన్నాడనుకుందాం. తెల్లవారకముందే లేచి మట్టి తొక్కుతాడు. ఎండెక్కేసరికి సారె దగ్గర కూర్చుంటాడు. చేతిలో పట్టేంత చిన్న కూజాలు వరసగా లేపి, నీడలో ఆరబెడతాడు. సాయంత్రం మెడలోని తాడుకు వేలాడే చదరపు రాతి బిళ్లను తీసి, ప్రతి కూజా భుజం మీదా ఒక్క నొక్కు నొక్కుతాడు. ఇది తన పని అని లోకానికి చెప్పుకోవడం అన్నమాట.

ఈ కథ మనసుకు హాయిగా ఉంటుంది. ఇందులో చాలా భాగం తవ్వకాల్లో దొరికిన వస్తువులకు సరిపోతుంది కూడా. చివరి రెండు వాక్యాల దగ్గరే నాకు పేచీ. ఆ పెంకులను దగ్గరగా చూస్తే నొక్కిన చెయ్యి కుమ్మరిదని ఒప్పుకోవాలి. నొక్కిన ముద్ర మాత్రం ఇంకొకరిదని నాకు బలంగా అనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కూజా దగ్గరికి వెళ్లాలి.

మొహెంజొదారోలో రాఖాల్‌దాస్ బెనర్జీ 1922లో తవ్వకాలు మొదలుపెట్టారు. ఆ తర్వాత ఏళ్లలో నగరపు పై పొరల్లో, అంటే చివరి కాలానికి చెందిన పొరల్లో, ఒకే రకం చిన్న కూజాల పెంకులు కుప్పలుగా బయటపడ్డాయి. హరప్పాలోనూ అంతే. వాటి అడుగు మొనదేలి ఉంటుంది, నేల మీద నిలబడదు. ఒంటి చుట్టూ సారె తిరుగుతుండగా గీసిన గాడి ఒకటి మెలికలు తిరుగుతూ పోతుంది. పని హడావుడిగా సాగినట్టు తెలిసిపోతుంది. నునుపు చెయ్యలేదు, రంగు పూయలేదు, బొమ్మ వేయలేదు. అదే నగరంలో ఎర్రటి పూత మీద నల్లరంగుతో రావి ఆకులు, నెమళ్లు గీసిన కుండలు చేసిన కుమ్మరులున్నారు. కాబట్టి పనితనం తెలియక ఇలా వదిలేశారని అనుకోవడానికి వీల్లేదు. తక్కువ సమయంలో ఎక్కువ చేయడానికే ఈ ఆకారం పుట్టింది. సారె మీద పెద్ద మట్టి ముద్ద పెట్టి, దాని కొసలో నుంచి ఒక్కో కూజానూ లేపి, కోసి పక్కన పెట్టవచ్చు. అడుగు చెక్కి చదును చేసే పని మిగులుతుంది. చుట్టూ ఉన్న గాడి వేళ్లకు పట్టునిస్తుంది.

వీటిని ఒక్కసారి తాగి పడేసేవారని హరప్పాలో ఏళ్ల తరబడి పనిచేసిన జొనాథన్ మార్క్ కెనోయర్ వంటి పురావస్తు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఉత్తరాది రైల్వే స్టేషన్లలో మట్టి ముంతలో టీ తాగి విసిరేస్తారే, దాదాపు అలాగన్నమాట. నిలబడని పాత్ర, అలంకారం లేని పాత్ర, లెక్కకు మించి దొరికే పాత్ర. దాచుకునే వస్తువుకు ఉండే లక్షణాలు కావివి.

ఇలాంటి పారేసే కూజాల్లో కొన్నిటి మీద ముద్ర ఉంది. కొన్నిటి మీదే. మిగతావన్నీ బోసిగానే ఉన్నాయి. మన కథ మొదటిసారి తడబడేది ఇక్కడే. తన పేరు చెప్పుకోవాలనుకున్న కుమ్మరి, రంగులు వేసిన అందమైన జాడీని వదిలేసి, సాయంత్రానికి పెంకులయ్యే కూజా మీద, అదీ ఏవో కొన్నిటి మీద, ముద్ర ఎందుకు వేస్తాడు?

ముద్ర వేయడం ఎలా జరిగిందో చూస్తే ఇంకొంత తెలుస్తుంది. సింధు నగరాల ముద్రబిళ్లలు ఎక్కువగా బలపపు రాతితో చేసినవి. గోటితో గీకినా గీత పడేంత మెత్తని రాయి అది. చదరంగా కోసి, పైన ఒక వరస అక్షరాలు, కింద ఒక జంతువు చెక్కుతారు. ఎక్కువగా కనిపించేది ఒంటికొమ్ము జంతువు. వెనుక తాడు దూర్చుకోవడానికి చిల్లు ఉన్న బొడిపె వదులుతారు. తర్వాత పైన క్షారం పూసి కాలిస్తే రాయి తెల్లబడి, గట్టిపడుతుంది. బిళ్ల మీద అక్షరాలు లోపలికి చెక్కి ఉంటాయి, అదీ తిరగేసి. మట్టి మీద నొక్కినప్పుడు అవి ఉబ్బెత్తుగా, సరైన వైపుకు తిరిగి పడతాయి.

ఆ నొక్కుకు సరైన సమయం ఉండేది కొద్దిసేపే. సారె మీద నుంచి దింపిన వెంటనే నొక్కితే పచ్చి మట్టి గాళ్లలో ఇరుక్కుని బిళ్లతో పాటు లేచి వస్తుంది, అక్షరాలు చెదిరిపోతాయి. పూర్తిగా ఆరాక నొక్కితే అచ్చు పడదు, బలవంతం చేస్తే గోడ చీలుతుంది. వేలితో తాకితే మట్టి అంటకూడదు, గట్టిగా అదిమితే మాత్రం సొట్ట పడాలి. ఆరీ ఆరని ఆ స్థితి కోసం కుమ్మరి కనిపెట్టుకుని ఉండాలి. ఎండాకాలం సింధ్ గాలిలో పల్చటి కూజా ఎంత త్వరగా ఆరిపోతుందో ఊహించుకోవచ్చు. అందుకే ఈ ముద్రలు వేసింది కుమ్మరి చెయ్యే, లేదా అతని పక్కన కూర్చున్న ఇంటివాళ్లదే అంటాను. కూజా కొన్నవాడు బజారులో నిలబడి వేయగలిగిన ముద్ర కాదది.

ఇంకో చిక్కుంది. బిళ్ల చదునుగా ఉంటుంది, కూజా భుజం గుండ్రంగా ఉంటుంది. చదునైనదాన్ని గుండ్రటిదాని మీద నొక్కితే నడుమ లోతుగా పడి అంచులు తేలిపోతాయి. కాస్త దొర్లించినట్టు నొక్కితే తప్ప మొత్తం అచ్చు రాదు. గోడ లోపలికి కుంగకుండా రెండో చేతి వేళ్లు లోపల ఆనించాలి. బిళ్ల చెక్కినవాడు ఇలాంటి గుండ్రటి ఒంటిని దృష్టిలో పెట్టుకోలేదు. కుండలకు తగినట్టు కాస్త వంపుగా మలుచుకున్న బిళ్ల ఎవరికీ తట్టని ఆలోచనేమీ కాదు. కుండల మీద వేయడమే ఆ బిళ్ల పని అయ్యుంటే చదునైన చదరం ఎంచుకునేవారు కారు.

మరి ఆ చదును బిళ్ల అసలు పని ఏమిటి? గుజరాత్‌లోని లోథల్ దీనికి జవాబిచ్చింది. 1950ల్లో ఎస్.ఆర్.రావు అక్కడ తవ్విన గిడ్డంగిలో ముద్రలు పడిన మట్టి బిళ్లలు పదుల సంఖ్యలో దొరికాయి. ఎప్పుడో మంటల్లో కాలడం వల్ల అవి చెక్కుచెదరకుండా మిగిలాయి. వాటి ముందు వైపు ముద్ర, వెనుక వైపు గుడ్డ నేత, చాప, తాడు ముళ్ల గుర్తులు ఉన్నాయి. అంటే సరుకు మూట కట్టి, ముడి మీద తడి మట్టి మెత్తి, దాని మీద ముద్ర నొక్కారు. ముడి విప్పాలంటే ముద్ర పగలాల్సిందే. సరుకు ఎవరిదో, దానికి ఎవరు పూచీనో చెప్పడం ఆ బిళ్ల పని. అది ఉండాల్సింది వర్తకుడి దగ్గరో, అధికారి దగ్గరో.

ఇప్పుడు మన కథను కొంచెం మార్చి చెబుతాను. ఇది నా ఊహే, కానీ పైన చెప్పిన వస్తువులకు కట్టుబడిన ఊహ. ఒక పెద్ద ఇంట్లో విందు ఉంది. ఆ ఇంటి మనిషి కుమ్మరికి మూడు వందల కూజాలు పురమాయించి, తన ముద్రబిళ్ల ఇచ్చి వెళ్లాడు. కుమ్మరి వరసకు ఒకటి చొప్పున ముద్ర వేస్తూ పోయాడు. అప్పట్లో ఆవం అంటే కింద పొయ్యి గుంట, దాని మీద చిల్లులున్న తట్టు, పైన కుండలు పేర్చే గది. ఆ గదిలో ఈ మూడు వందలతో పాటు ఇంకొకరి సరుకూ ఉంది. గాలి బాగా ఆడినచోట మట్టిలోని ఇనుము ఎర్రబడింది, పొగ కమ్మిన మూల కూజాలు నల్లగా దిగాయి. ఆవం విప్పాక ఏ వరస ఎవరిదో ముద్ర చూసి విడదీశారు. లెక్క తేలింది, బిళ్ల తిరిగి వెళ్లిపోయింది. కొన్నిటి మీదే ముద్ర ఎందుకుందో, పారేసే పాత్ర మీదే ఎందుకుందో ఈ కథలో ఇమిడిపోతాయి. కుమ్మరి పేరు చెప్పుకునే కథలో అవి ఇమడవు.

ఏ బిళ్లతో ఏ కూజా మీద నొక్కారో తేల్చడం మాత్రం తేలిక కాదు. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, కాలేటప్పుడు ఇంకాస్త. రకాన్ని బట్టి మొత్తం తగ్గుదల పదో వంతు దాకా ఉంటుందనుకుంటే, మూడు సెంటీమీటర్ల బిళ్లతో వేసిన అచ్చు కాలిన కూజా మీద రెండు పాయింట్ ఏడు సెంటీమీటర్లే ఉంటుంది. కొలతలు అచ్చంగా సరిపోయే బిళ్ల దొరికితే సంతోషపడకూడదు, అనుమానించాలి. అచ్చు కంటే కొంచెం పెద్ద బిళ్ల కోసం వెతకాలి.

పెంకు మీద ప్రతి గుర్తూ ముద్ర కాదు కూడా. ముద్ర అయితే అక్షరం ఉబ్బెత్తుగా ఉంటుంది. పుల్లతో పచ్చి మట్టి మీద గీస్తే పల్లంగా పడి, గీత అంచుల్లో నెట్టుకొచ్చిన మట్టి చిన్న గట్టులా నిలుస్తుంది. కాలిన తర్వాత గీకితే ఆ గట్టు ఉండదు. అంచులు పెళుసుగా పెచ్చులూడి, పూత కింది మట్టి రంగు బయటపడుతుంది. ముద్ర, పచ్చి మీద గీత కుమ్మరి వాకిట్లోవి. గీకిన గుర్తు ఆ పాత్ర వాడుకున్నవాళ్లది కావచ్చు.

పుల్లగీతల గట్టుతోనే ఒక పెద్ద సంగతి తేలింది. రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో దొరికిన ఒక పెంకు మీద చేత్తో గీసిన అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. తర్వాత గీసిన గీత ముందటి గీతను కోసుకుంటూ పోతుంది కదా. బి.బి.లాల్ ఆ కోతలను పరిశీలించి, ఎడమవైపు అక్షరం కుడివైపు దాని తర్వాత గీసిందని చూపించారు. అంటే రాత కుడి నుంచి ఎడమకు సాగింది. ముద్రతో ఈ రుజువు రాదు, ఎందుకంటే అక్షరాలన్నీ ఒక్క నొక్కుతో పడిపోతాయి. ఆ అక్షరాలను ఇంతవరకూ ఎవరూ నమ్మకంగా చదవలేకపోయారు. సుమారు నాలుగు వందల గుర్తులు, ఒక్కో ముద్ర మీద సగటున అయిదు. అంత పొట్టి రాతలో అది పేరో, పదవో, ఇంటి గుర్తో పట్టుకోవడానికి ఆధారం చాలదు.

అయినా ఆ ముద్ర ఎవరిదనే ప్రశ్నకు ఆ నగరాలు సన్నగిల్లిన తీరు కొంత బదులిస్తుంది. క్రీస్తుపూర్వం 1900 తర్వాత దూరదేశపు వర్తకం తగ్గింది, ఒకే తూనికరాళ్లు అంతటా చెల్లే రోజులు పోయాయి, అక్షరాలున్న చదరపు ముద్రబిళ్లలు చెక్కడం ఆగిపోయింది. మొనదేలిన కూజాలూ మాయమయ్యాయి. కుమ్మరి పని మాత్రం ఆగలేదు. హరప్పా శ్మశానంలో ఆ తర్వాతి కాలపు పెద్ద జాడీలు దొరికాయి. ఎర్రటి ఒంటి మీద నల్లటి నెమళ్లు, చుక్కలు, ఆకులు గీసిన చక్కటి జాడీలవి. చేసినవాళ్లకు మట్టి మీద, ఆవం మీద అధికారం ఏమాత్రం తగ్గలేదు. ముద్ర కుమ్మరిది అయ్యుంటే ఈ జాడీల మీదే ముందు కనిపించాలి. సరుకు లెక్కలు చూసుకునే మనుషులు పోయినప్పుడే అదీ వాళ్లతో పోయింది.