గుణకాలను తిరగరాస్తే మూలాలు తలకిందులవుతాయి

2x³ − 3x² − 11x + 6 = 0 అనే ఘన సమీకరణానికి మూలాలు 3, −2, 1/2. వీటి వ్యుత్క్రమాలు 1/3, −1/2, 2. ఈ మూడూ మూలాలుగా ఉండే సమీకరణం కావాలంటే కారణాంకాలు రాసి గుణించనక్కరలేదు. గుణకాలను వెనక నుంచి ముందుకు రాస్తే చాలు: 6x³ − 11x² − 3x + 2 = 0. ఇందులో x = 2 ప్రతిక్షేపిస్తే 48 − 44 − 6 + 2, అంటే సున్నా వస్తుంది. మిగతా రెండింటినీ అలాగే సరిచూడవచ్చు.

దీనికి కారణం తేలిక. కావలసిన కొత్త మూలాన్ని y అనుకుంటే పాత మూలం 1/y. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే 2/y³ − 3/y² − 11/y + 6 = 0 అవుతుంది. హారాలు పోయేలా అంతటినీ y³తో గుణించాలి. అప్పుడు 2 స్థిరపదంగా మిగులుతుంది, −3 పక్కన y, −11 పక్కన y² చేరతాయి, 6 వెళ్లి y³కు గుణకమవుతుంది. గుర్తులు మారవు, స్థానాలు మాత్రమే మారతాయి.

విద్యార్థులు తప్పటడుగు వేసేది కనిపించని పదం దగ్గర. x³ − 7x + 6 = 0కు మూలాలు 1, 2, −3. ఇందులో x² పదం లేదు కాబట్టి గుణకాల వరుస 1, 0, −7, 6. తిప్పితే 6, −7, 0, 1; అంటే 6x³ − 7x² + 1 = 0. ఆ సున్నాను మరచినవారు 6x³ − 7x + 1 = 0 అని రాస్తారు. x = 1తో సరిచూస్తే తప్పు సమీకరణం కూడా ఒప్పుకుంటుంది, చిక్కంతా అక్కడే. 1/2తో చూస్తే బండారం బయటపడుతుంది: విలువ −7/4 వస్తుంది. 1కి వ్యుత్క్రమం 1 కనుక దానితో పరీక్షించి ఊరుకోకూడదు.

స్థిరపదం సున్నా అయితే ఈ పద్ధతి పూర్తిగా పనిచేయదు. x³ − 5x² + 6x = 0కు మూలాలు 0, 2, 3. తిప్పితే 6x² − 5x + 1 = 0 అనే వర్గ సమీకరణమే మిగులుతుంది. సున్నాకు వ్యుత్క్రమం లేదు కాబట్టి ఒక మూలం జారిపోయింది.

మూలాలు తెలియకపోయినా వాటి వ్యుత్క్రమాల మొత్తం చెప్పగలగడం ఈ పద్ధతితో దక్కే అసలు లాభం. మొదటి ఉదాహరణలో తిప్పిన సమీకరణపు మూలాల మొత్తం 11/6. అదే అసలు మూలాల వ్యుత్క్రమాల మొత్తం.

కొన్ని సమీకరణాలు తిప్పినా మారవు. 6x⁴ − 35x³ + 62x² − 35x + 6 = 0 అలాంటిదే. వీటిని వ్యుత్క్రమ సమీకరణాలంటారు. ఇందులో ఒక సంఖ్య మూలమైతే దాని వ్యుత్క్రమమూ మూలమే. x²తో భాగించి x + 1/x = t అనుకుంటే నాలుగో పరిమాణం కాస్తా 6t² − 35t + 50 = 0గా తగ్గిపోతుంది. t విలువలు 5/2, 10/3. మొదటిది 2, 1/2 మూలాలనూ, రెండోది 3, 1/3 మూలాలనూ ఇస్తుంది.